డీఏటీపీ కలిపితే చర్య పెరగడం గురించి

"డీఏటీపీ రైబోన్యూక్లియోటైడ్ రిడక్టేజ్‌ను ఆపుతుందని చదివాను. ఈ.కోలై ఎంజైముతో, ఏటీపీ లేకుండా కొద్దిగా డీఏటీపీ వేస్తే సీడీపీ నుంచి డీసీడీపీ తయారీ పెరిగింది. ఎక్కడ పొరబడ్డాను?"

పొరపాటు ప్రయోగంలో లేదు, డీఏటీపీకి ఒకే స్థానం ఉందనుకోవడంలో ఉంది. రైబోజ్ రెండవ కార్బన్ మీది హైడ్రాక్సిల్‌ను తీసి హైడ్రోజన్ పెట్టే క్రియాశీల స్థానం కాక, పెద్ద ఉపప్రమాణంలో మరో రెండు నియంత్రణ స్థానాలున్నాయి.

1. ఎంపిక స్థానం ఏ రైబోన్యూక్లియోటైడ్‌ను తీసుకోవాలో నిర్ణయిస్తుంది. ఇక్కడ ఏటీపీ గానీ డీఏటీపీ గానీ చేరితే సీడీపీ, యూడీపీలకూ, డీటీటీపీ చేరితే జీడీపీకీ, డీజీటీపీ చేరితే ఏడీపీకీ అనుకూలత పెరుగుతుంది.

2. చర్యా స్థానం ఎంజైము పని చేయాలా వద్దా అన్నది తేలుస్తుంది. ఇక్కడ ఏటీపీ ఉంటే పని సాగుతుంది, డీఏటీపీ ఉంటే ఆగుతుంది.

చాలామంది వదిలేసే మెట్టు ఇదే: డీఏటీపీ ఎంపిక స్థానానికి గట్టిగానూ, చర్యా స్థానానికి బలహీనంగానూ అంటుకుంటుంది. అందుకే కొద్ది మైక్రోమోలార్ల గాఢతలో మొదటిది మాత్రమే నిండి మీకు చర్య పెరిగినట్టు కనిపించింది. గాఢత వంద మైక్రోమోలార్లు దాటేసరికి రెండవదీ నిండి, ఉపప్రమాణాలు వలయంగా కూడుకుని, చిన్న ఉపప్రమాణంలోని టైరోసిన్ రాడికల్ క్రియాశీల స్థానానికి చేరే దారి తెగిపోతుంది. (మానవ ఎంజైములో ఈ కూటమి ఆకారం వేరు.)

నిర్ధారణకు డీఏటీపీని 1 నుంచి 200 మైక్రోమోలార్ల వరకు పెంచుతూ కొలవండి. రేటు ముందు ఎక్కి తరువాత పడిపోవాలి. పడిపోయిన గొట్టంలో కొన్ని మిల్లీమోలార్ల ఏటీపీని, దానికి సరిపడా మెగ్నీషియంతో సహా చేర్చితే, చర్యా స్థానం కోసం పోటీ వల్ల రేటు కొంతైనా కోలుకోవాలి.