కనెక్టెడ్ లోడ్ నుంచి ఏడాది కరెంటు ఖర్చు అంచనా

ప్రశ్న: కనెక్టెడ్ లోడ్, అంటే ఇంట్లోని పరికరాలన్నిటి మొత్తం వాట్లు, వాడే గంటలు తెలుసు. బడ్జెట్‌లో ఏడాది కరెంటు ఖర్చు ఎంత రాయాలి?

నెలవారీగా లెక్కకట్టండి. ఏడాది యూనిట్లను 12తో భాగించి సగటు మీద స్లాబు వేస్తే అంకె తగ్గిపోతుంది.

ఉదాహరణకు 1.5 కిలోవాట్ల ఏసీ, రోజుకు 8 గంటలు, 30 రోజులు: 360 యూనిట్లు. కానీ గది చల్లబడ్డాక కంప్రెసర్ ఆగి ఆగి నడుస్తుంది. 60 శాతం అనుకుంటే 216. (ఈ శాతం ఎండను బట్టి, గదిని బట్టి మారుతుంది.) మిగతా వాడకం నెలకు 150. అంటే ఏసీ నడిచే 4 నెలలు 366 చొప్పున, మిగతా 8 నెలలు 150 చొప్పున.

మొదటి 200 యూనిట్లకు రేటు 4, ఆపైన 7 అనుకుందాం. వేసవి నెల 800 + 1162 = 1962, మామూలు నెల 600. ఏడాదికి 12,648. అదే సగటున నెలకు 222 యూనిట్లని వేస్తే 11,448 మాత్రమే వస్తుంది. తేడా 1200 ఎక్కడిదంటే, ఒక్కో మామూలు నెలలో మిగిలిపోయిన 50 చౌక యూనిట్లు వేసవికి బదిలీ కావు; సగటు లెక్క అవుతాయనుకుంటుంది.

ఫిక్స్‌డ్ చార్జీ వాడకంతో పనిలేకుండా పడుతుంది, 12 నెలలకూ విడిగా కలపండి. పాత బిల్లులుంటే అదే నెల యూనిట్లతో పోల్చండి. వేసవిలోనే తేడా వస్తే ఆ 60 శాతాన్ని సవరించాలి; అన్ని నెలల్లోనూ వస్తే ఏదో పరికరం లెక్కలో తప్పిపోయి ఉండొచ్చు.