వెబినార్ యాడ్స్: రిజిస్ట్రేషన్‌కి ఎంత పడిందో కాదు, వచ్చిన మనిషికి ఎంత పడిందో చూడండి

ప్రశ్న: యాడ్స్ పెడితే వెబినార్‌కి రిజిస్ట్రేషన్లు బాగానే వస్తున్నాయి, చవగ్గానే పడుతున్నాయి. తీరా ఆ రోజు పదిమందిలో ఒకరో ఇద్దరో తప్ప కనబడరు. రిమైండర్లు పంపుతూనే ఉన్నా. ఎక్కడ పొరపాటు జరుగుతోంది?

జవాబు:

రిమైండర్ల సంగతి తర్వాత చూద్దామండీ, ముందు ఒక పని చేయండి. రిజిస్టర్ అయినవాళ్ల లిస్టు, వెబినార్ అయ్యాక జూమ్ ఇచ్చే అటెండీ రిపోర్టు, రెండూ ఒకే షీట్‌లో పెట్టి ఈమెయిల్‌ని బట్టి కలపండి. ప్రతి పేరు పక్కన ఏ యాడ్ నుంచి వచ్చారో, ఏ తేదీన రిజిస్టర్ అయ్యారో ఉండాలి. నేను ఈ పని చేయడానికి ఏడాది పట్టింది, చేసిన రోజు తల కొట్టుకున్నాను.

నేను మొదట అలా కలిపి చూసిన వెబినార్‌కి 412 మంది రిజిస్టర్ అయ్యారు, వచ్చింది 61 మంది. బడ్జెట్ సగం ఫేస్‌బుక్ లోపలే తెరుచుకునే ఫామ్‌కి, సగం మా సొంత పేజీకి పెట్టాం. ఫామ్ నుంచి 290, పేజీ నుంచి 122. యాడ్స్ రిపోర్టులో చూస్తే ఫామే గెలిచినట్టు, ఎందుకంటే పేజీలో ఒక్కో రిజిస్ట్రేషన్‌కి రెట్టింపు కంటే ఎక్కువ పడింది. కానీ వచ్చినవాళ్లని లెక్కపెడితే ఫామ్ వాళ్లు 26 మంది, పేజీ వాళ్లు 35 మంది. అదే డబ్బుకి!

కారణం ఆ ఫామ్ పనిచేసే తీరులోనే ఉంది. యాడ్ నొక్కగానే పేరు, ఈమెయిల్ ముందే నింపి ఉంటాయి, ఇంకో రెండు సార్లు నొక్కితే అయిపోతుంది. చాలామందికి తాము దేనికి రిజిస్టర్ అయ్యారో సాయంత్రానికి గుర్తుండదు. పైగా అందులో పడే ఈమెయిల్ చాలాసార్లు ఎప్పుడో అకౌంట్ తెరిచినప్పుడు ఇచ్చినది, ఇప్పుడు వాళ్లు తెరవనే తెరవరు. మీ రిమైండర్లు వెళ్తూనే ఉంటాయి, చదివేవాళ్లే ఉండరు. (మెయిల్ ఓపెన్ రేటు చూసి ధైర్యం తెచ్చుకోకండి. యాపిల్ మెయిల్ 2021 నుంచి మనిషి చదవకపోయినా ఓపెన్ అయినట్టు చూపించగలదు. లోపలి లింకు ఎంతమంది నొక్కారో అదే చూడండి.)

తేదీల వారీగా చూస్తే ఇంకో సంగతి బయటపడింది. యాడ్స్ 14 రోజులు నడిపాం. చివరి 4 రోజుల్లో రిజిస్టర్ అయిన 130 మందిలో 37 మంది వచ్చారు, అంతకుముందు పది రోజుల్లో చేరిన 282 మందిలో 24 మందే. పేజీ వాళ్లని విడిగా తీసి చూసినా ఇదే వరస. రెండు వారాల తర్వాత సాయంత్రం ఖాళీగా ఉంటామో లేదో ఎవరికి తెలుసు చెప్పండి, ఉచితం కదా అని నొక్కేస్తారు.

అందుకే తర్వాతిసారి అదే మొత్తాన్ని చివరి 5 రోజుల్లోనే ఖర్చుపెట్టాం. ఫామ్‌ని పూర్తిగా తీసేయలేదు, దాని రకాన్ని More volume నుంచి Higher intent కి మార్చాం. అందులో పంపే ముందు వివరాలు ఒకసారి సరిచూసుకోమని అడుగుతుంది. చేత్తో టైప్ చేయాల్సిన చిన్న ప్రశ్న ఒకటి కూడా పెట్టాం: "ఈ విషయంలో మీకు ఎక్కడ ఇబ్బంది?" దీనికే సగంమంది వెనక్కి పోతారు, పోనివ్వండి. ఫామ్ అయ్యాక కనిపించే బటన్‌ని క్యాలెండర్‌లో చేర్చుకునే పేజీకి కలిపాం. యాడ్‌లో ఉన్న "రికార్డింగ్ కూడా పంపుతాం" అనే వాక్యం తీసేశాం, అది రాకుండా ఉండటానికి మనమే ఇచ్చే సాకు. రిమైండర్లలో నాకు నిజంగా పనిచేసింది ఒకటే, మొదలవడానికి 15 నిమిషాల ముందు ఫోన్‌కి నేరుగా జాయిన్ లింకుతో వెళ్లే మెసేజ్, అదీ మెసేజ్‌లకి ఒప్పుకున్నవాళ్లకే.

ఈసారి రిజిస్టర్ అయింది 193 మంది, వచ్చింది 74. రిజిస్ట్రేషన్ ఖర్చు రెట్టింపు దాటడంతో మా బాస్ మొహం మాడ్చుకున్నారు, షీట్ చూపించాక తగ్గారు.

ఇక "హాజరైనవాళ్ల డేటా యాడ్ సిస్టమ్‌కి తిరిగి పంపి, అలాంటివాళ్లనే తెమ్మనొచ్చు కదా" అని ఎవరో ఒకరు చెబుతారు. ఆలోచన సరైనదే, కానీ ఒక యాడ్ సెట్ కుదురుకోవాలంటే వారానికి సుమారు 50 ఫలితాలు కావాలని మెటానే చెబుతుంది. నెలకోసారి, అదీ యాడ్స్ ఆగిపోయాక, ఒక్కసారే వచ్చే 74 హాజర్లతో అది కుదిరే పని కాదు. 5 రోజుల్లో నడిపేటప్పుడు రిజిస్ట్రేషన్‌కే ఆప్టిమైజ్ చేయండి, బడ్జెట్‌ని నాలుగైదు యాడ్ సెట్లుగా ముక్కలు చేయకండి. ఏ యాడ్ ఉంచాలో ఏది తీసేయాలో మాత్రం హాజరు షీట్ చూసి తేల్చుకోండి. వచ్చినవాళ్ల లిస్టుతో లుక్‌అలైక్, అంటే వాళ్లని పోలినవాళ్ల ఆడియన్స్, చేద్దామన్నా ఒకే దేశం నుంచి కనీసం 100 మంది కావాలి, ఎక్కించిన ఈమెయిళ్లన్నీ మ్యాచ్ కావు కూడా. మా రెండు వెబినార్లవి కలిపితే 135, అందుకే నేను మూడోది అయ్యేదాకా ఆగాను.