అప్పలస్వామిని ఎందుకు ఏడిపించావు?

విజయనగరం

అమ్మాయీ,

మీరిద్దరూ వంతులవారీగా రాస్తున్న నవలలో నువ్వు పంపిన నాలుగో అధ్యాయం నిన్న రాత్రి చదివాను. మీ స్నేహితుడు రాసిన మొదటి మూడూ ముందు చదివి, ఆ వెంటనే నీది అందుకున్నాను. కథ ఎక్కడా తెగలేదు. ఉద్దానం అదే, తోట అదే, పేర్లూ వరసలూ సరిపోయాయి. చెప్పే గొంతు మాత్రం మారిపోయింది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను కొట్టింది కదా, ఆ తర్వాత మూడో రోజు అప్పలస్వామి తోటలోకి వెళ్ళే చోటు అతను ఎలా రాశాడో మళ్ళీ చూడు. ‘నూట పన్నెండు చెట్లు. నిలబడ్డవి నాలుగు. నాలుగోదాని కింద కూర్చుని బీడీ ముట్టించాడు.’ అంతే. ఇక నీ మొదటి పేరా: ‘కన్నబిడ్డల్లాంటి చెట్లు నేలకూలిన దృశ్యం తలుచుకుని అప్పలస్వామి కుమిలి కుమిలి ఏడ్చాడు. అతని గుండె బద్దలైంది.’ మూడు అధ్యాయాలుగా ఆ మనిషి చేత లెక్కలే పెట్టించి, ఏడుపు మన చేత ఏడిపించాడతను. నువ్వొచ్చి ఆ పని అప్పలస్వామికి అప్పజెప్పేశావు. ఇక మాకేం మిగిలింది?

పెన్సిలు పట్టుకుని ఏడుపు, బాధ, దుఃఖం, గుండె లాంటి మాటల కింద గీతలు గీశాను. అతని ముప్ఫై పేజీల్లో రెండు దొరికాయి, రెండూ ఎవరో అన్న మాటల్లోనే. నీ తొమ్మిది పేజీల్లో పదిహేడు. నువ్వూ ఒకసారి గీసి చూసుకో. స్వరం ఎక్కడ తప్పిందో ఆ గీతలే చూపిస్తాయి.

మధ్యలో టీకొట్టు దగ్గర జోకులు పెట్టావు, మరీ చీకటిగా ఉందని కాబోలు. అతని దాంట్లో నవ్వు లేదనుకున్నావా? అప్పలస్వామి పెళ్ళాం ఏమంటుంది? ‘నాలుగు మిగిల్నాయి కదేటి. ఒకటి నీకు, ఒకటి నాకు, రెండు బేంకోడికి.’ ఆ మాటకి ఎవరూ నవ్వరు. ఆవిడ పొయ్యి ఊదుకుంటుంది, ఆయన చుట్టూ పొగ. నీ టీకొట్టులో మాత్రం ప్రతి జోకుకీ జనం పగలబడి నవ్వారు. తేడా అక్కడుంది. నవ్వు ఉండొచ్చు, కానీ అది నవ్వు అని కథలో ఎవరికీ తెలియకూడదు.

ఇదే తప్పు నేను రెండో వైపు నుంచి చేశాను. ముప్ఫై ఏళ్ళ కిందట ఒక పత్రికలో గొలుసు నవల వస్తుంటే అయిదో భాగం నా వంతు వచ్చింది. హాస్య నవల. ఒక గుమాస్తా పోయిన గొడుగు గురించి ప్రపంచం మునిగిపోయినంత గంభీరంగా చెప్పుకొస్తుంటాడు. నేను ఉత్సాహం పట్టలేక పేజీకి నాలుగు చమత్కారాలు దట్టించాను. ‘మీ గుమాస్తాకి తను తమాషా మనిషినని తెలిసిపోయింది’ అని రాసి తిప్పి పంపాడు ఎడిటరు. రెండు రోజులు ఆయన్ని తిట్టుకున్నాను. మూడో రోజు చమత్కారాలన్నీ కొట్టేసి, గొడుగు పోయిన సంగతి రిజిస్టరులో ఏ గడిలో ఎక్కించాలా అని గుమాస్తా పడే తర్జనభర్జన ఒక్కటే రాశాను. అది వేశారు.

ఇప్పుడు నీ పని. అతని మూడో అధ్యాయంలో చివరి రెండు పేజీలు చేత్తో కాగితం మీద ఎత్తి రాయి. ఫోనులో చదివితే చాలదు. వాక్యం ఎక్కడ ఆపుతున్నాడో, ఏది చెప్పకుండా దాటేస్తున్నాడో చేతికి తెలియాలి. లేవకుండా అక్కడి నుంచే నీ అధ్యాయం మొదలుపెట్టు. నష్టపరిహారం రాసుకోవడానికి కుర్రాడు వచ్చే సీను నీ దగ్గరే ఉంది, ఏడో పేజీలో దాగుంది. దాన్ని ముందుకు తెచ్చి ఇలా ప్రయత్నించు:

‘పడిన చెట్లు లెక్కపెట్టమన్నాడు కుర్రాడు. అప్పలస్వామి లెక్కపెట్టాడు. నూట ఎనిమిది. కాగితంలో నూట ఆరే ఉంది, మళ్ళీ లెక్కపెట్టమన్నాడు. అప్పలస్వామి మొదటి చెట్టు దగ్గరికి నడిచాడు.’

నీ అధ్యాయంలో చివర డబ్బు వస్తుంది, ఇంట్లో కాస్త వెలుగు పడుతుంది. ఉండనీ. అతని చీకటిలోనే నువ్వూ చివరిదాకా కూర్చోవాలని నేననను. కానీ ఆ వెలుగునీ అదే గొంతుతో చెప్పు. నోట్లు లెక్కపెట్టించు, పండగ చేయించకు.

ఒకటి మాత్రం అతన్నే అడుగు. రెండో అధ్యాయంలో కాలవ గురించి ఒక పేజీ ఉపన్యాసంలా సాగింది, మిగతాదానికి అతకలేదు. అది ఉంచుతాడో తీసేస్తాడో కనుక్కో. ఈలోగా ఆ పేజీని చూసి నీ గొంతు సవరించుకోకు.

తిరగరాశాక ఆదివారం పలాసలో పొద్దున్న బండెక్కి రా. అతని మూడో అధ్యాయం చివరి పేజీ, నీ మొదటి పేజీ మీ పెద్దమ్మకి ఆపకుండా చదివి వినిపిస్తాను. ఎవరు ఎక్కడిదాకా రాశారో ఆవిడకి చెప్పను. ఎక్కడ తలెత్తి చూస్తుందో నువ్వు పక్కన కూర్చుని గమనించు.

మీ పెదనాన్న