నాన్నను దుకాణానికే తీసుకెళ్లండి

ప్రశ్న: మా నాన్న ఇన్నేళ్లూ చెప్పులతోనే పొలానికి వెళ్లారు. వరికోతల్లోపు మంచి బూట్లు కొనివ్వాలి. చెప్పుల సైజు చూసి ఆన్‌లైన్‌లో తెప్పించవచ్చా?

వద్దు. చెప్పుకు ముందూ పక్కలా అడ్డు ఉండదు కాబట్టి వేళ్లు ఎంత పరుచుకున్నా సరిపోతుంది. బూటులో అలా కుదరదు. ఆ అంకె చెప్పేది పొడవు ఒక్కటే. ఏళ్ల తరబడి బురదలో వట్టికాళ్లతో నడిచిన రైతు పాదం వేళ్ల దగ్గర బాగా వెడల్పు.

చేవెళ్ల దగ్గర వ్యవసాయం చేసే మా బాబాయిని కోతల ముందు బేగంబజార్‌లో ఒక పాత దుకాణానికి తీసుకెళ్లాను. దుకాణదారు సైజు అడగలేదు. ముందు మందపాటి నూలు మేజోళ్లు తొడిగించి, "పెద్దాయనా, రెండు కాళ్ల మీదా బరువు వేసి నిలబడండి" అని రెండు పాదాలూ కొలిచాడు. కుడిది కాస్త పెద్దది. దాన్నే లెక్కలోకి తీసుకున్నాడు.

ఎనిమిదో నంబరు వేస్తే చిటికెన వేలు నొక్కుకుపోయింది. "వేసుకుంటే అదే సాగుతుందిలే" అన్నాడు బాబాయి. "తోలు వెడల్పుకు కొంచెం సాగుతుంది గానీ ఇంత బిగువు వదలదు" అంటూ ఆయన విప్పించాడు. తొమ్మిది వేస్తే వేళ్లకు హాయిగానే ఉంది, కానీ నడుస్తుంటే మడమ పైకి లేచిపోతోంది. పాదం ఒకచోట, బూటు దానికి ముందు ఇంకోచోట వంగుతున్నాయి. వెడల్పు కోసం పొడవు పెంచితే జరిగేది ఇదే. మడమ ఒరుసుకుని బొబ్బలెక్కుతుంది. చాలా దుకాణాల్లో ఇక్కడే "పెద్ద సైజు తీసుకోండి" అని బిల్లు రాసేస్తారు, నాకు ఒళ్లు మండేది అందుకే. ఈయన మాత్రం అటక ఎక్కి, ముందుభాగం వెడల్పున్న వేరే రకంలో మళ్లీ ఎనిమిదే తెచ్చాడు.

లేసులు వదులు చేసి, పాదాన్ని పూర్తిగా ముందుకు జరిపించి, మడమ వెనుక తన వేలు పెట్టి చూశాడు. వేలు సరిగ్గా పట్టింది. తర్వాత మడమను వెనక్కి ఆనించి లేసులు కట్టి, "కొడవలి పట్టుకున్నట్టు వంగండి, ఇప్పుడు గొంతుక్కూర్చోండి" అన్నాడు. బూటు పై అంచు కాలికి గుచ్చుకుంటోందా, మడతపడి వేళ్లను నొక్కుతోందా అని చేత్తో తడిమి చూశాడు. ఇంత ఓపిక ఏ వెబ్‌సైటుకు ఉంటుంది?

మీరు సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. కోతలకు రెండు వారాల ముందే కొని, రోజూ కాసేపు ఇంట్లో తొడిగించండి. చీలమండ దాటి పైకి వచ్చే బూట్లే అడగండి. కోసిన వరి మొదళ్లు గుచ్చుకునేదీ, గడ్డిలో ఉన్న రక్తపింజర కాటేసేదీ ఎక్కువగా అక్కడే. పొలంలో ఇంకా నీరుంటే మాత్రం తోలు బూట్లు నానిపోతాయి, రబ్బరు గమ్‌బూట్లు తీసుకోవాలి. వాటికి లేసులుండవు కాబట్టి మడమ పట్టు ఇంకా జాగ్రత్తగా చూడాలి.