టీబీ మందులు నాలుగో నెలలో ఆపేశారు: ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 38. నాలుగు నెలల కింద ఊపిరితిత్తుల టీబీ అన్నారు. ప్రభుత్వాసుపత్రిలో ఇచ్చిన మాత్రలు రోజుకు మూడు వేసుకున్నాను. రెండు నెలలయ్యాక కళ్లె పరీక్ష నెగటివ్ వచ్చింది. అప్పుడు 46 కిలోలు ఉండేవాడిని, ఇప్పుడు 53. వేడి చేసి వికారంగా ఉంటోందని పొద్దున రెండు, రాత్రి ఒకటి వేసుకునేవాడిని. ఇంట్లో పెళ్లి పనుల వల్ల మూడు వారాలుగా అసలు వేసుకోలేదు. నాలుగు రోజుల నుంచి కాస్త దగ్గు వస్తే మెడికల్ షాపులో యాంటీబయాటిక్ తెచ్చుకున్నాను. మాత్రలతో మూత్రం ఎర్రగా వచ్చేది, కిడ్నీలకు ఏమైనా అవుతుందా? వేడి తగ్గడానికి ఏం తినాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా

జవాబు: మూత్రం ఎర్రబడేది రిఫాంపిసిన్ అనే మందు రంగు వల్ల. దానివల్ల కిడ్నీలకు ఏమీ కాదు. మాత్ర వేసుకున్న కొన్ని గంటలకు వచ్చి, మందు ఒంట్లోంచి పోగానే తగ్గిపోతుంది. అయితే మీరు మాత్రలు మానేసి మూడు వారాలైంది కాబట్టి ఈపాటికి మూత్రం మామూలు రంగుకు వచ్చి ఉండాలి. ఇప్పటికీ ముదురు పసుపుగానో, చిక్కటి టీ డికాషన్‌లాగానో ఉంటే అది మందు రంగు కాదు, కాలేయం దెబ్బతిన్న సూచన కావచ్చు. దానికి తోడు కళ్లు పచ్చబడటం, ఆకలి చచ్చిపోవడం, వాంతులు, కుడివైపు డొక్కలో నొప్పి ఉంటే కాలేయ పరీక్ష చేయించుకునే దాకా ఒక్క టీబీ మాత్ర కూడా సొంతంగా మొదలుపెట్టవద్దు. మీ వికారం ఉత్త వికారమేనా, కాలేయం వాపు మొదలైందా అన్నది రక్తపరీక్ష చూడకుండా నేనైనా, మరే వైద్యుడైనా చెప్పలేం. మద్యం అలవాటు ఉంటే ఆ సంగతి దాచకుండా చెప్పండి.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది మూత్రం కాదు. మాత్రలను రెండు పూటలకు పంచుకోవడం, మూడు వారాలు మానేయడం, పైగా దుకాణంలో యాంటీబయాటిక్ కొనుక్కోవడం. ఈ మూడూ ఒకే మనిషిలో కలిస్తే మామూలు మందులకు లొంగే టీబీ కాస్తా మొండి టీబీగా మారే దారి తెరుచుకుంటుంది.

మామూలు మందులకు లొంగే టీబీకి మన దేశంలో ప్రభుత్వం ఇచ్చే చికిత్స ఆరు నెలలది. మొదటి రెండు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్ అనే నాలుగు మందులు ఒకే మాత్రలో కలిపి ఇస్తారు. తర్వాతి నాలుగు నెలలు పైరజినమైడ్ తీసేసి మిగిలిన మూడింటి మాత్ర ఇస్తారు. 2017కు ముందు వారానికి మూడు రోజులే ఇచ్చేవారు, ఇప్పుడు రోజూ వేసుకోవాలి. మెదడు, వెన్నెముక, ఎముకల టీబీకి ఈ గడువు చాలదు, సాధారణంగా ఏడాది దాకా పొడిగిస్తారు. మీది ఊపిరితిత్తులదే అయితే ఆరు నెలలు చాలు, కానీ ఆ ఆరు నెలలూ మోతాదు మోతాదుగా పూర్తి కావాలి.

ఇన్ని మందులు ఎందుకని చాలామంది అడుగుతారు. ఊపిరితిత్తిలో గుంత పడిన టీబీలో క్రిములు పది కోట్ల దాకా ఉండవచ్చు. వాటిలో సుమారు పది లక్షల క్రిములకు ఒకటి పుట్టుకతోనే ఐసోనియాజిడ్‌కు లొంగకుండా ఉంటుంది. రిఫాంపిసిన్‌కు లొంగనిది దాదాపు పది కోట్లకు ఒకటి. ఒక్క మందే ఇస్తే లొంగినవన్నీ చచ్చి, ఆ లొంగని కొద్దీ పెరిగి మళ్లీ ఊపిరితిత్తి నిండా అవే అవుతాయి. రెండు మూడు మందులు ఒకేసారి ఇచ్చినప్పుడు అన్నింటినీ తప్పించుకోగల క్రిమి ఉండే అవకాశం దాదాపు లేనట్టే. అందుకే ఈ మందుల్ని విడదీయకూడదు, విడివిడిగా కొని ఏదో ఒకటి వేసుకోకూడదు.

ఇక గడువు సంగతి. త్వరగా పెరిగే క్రిములను ఐసోనియాజిడ్ మొదటి కొద్ది రోజుల్లోనే ఎక్కువ భాగం చంపేస్తుంది. దగ్గు, జ్వరం తగ్గి ఆకలి పుట్టేది అందువల్లే. వాపు పట్టిన భాగాల్లో ఆమ్లగుణం మధ్య నక్కి ఉన్నవాటిని పైరజినమైడ్ చూసుకుంటుంది. మిగిలేవి దాదాపు నిద్రలో ఉండి ఎప్పుడో కాసేపు మేల్కొనే క్రిములు. మేల్కొన్నప్పుడు రక్తంలో మందు ఉంటేనే చస్తాయి, ఆ పని ముఖ్యంగా రిఫాంపిసిన్‌ది. ఏ రోజు ఏది మేల్కొంటుందో ఎవరికీ తెలియదు కనుకనే చివరి నాలుగు నెలలు, జబ్బు లక్షణం ఒక్కటీ లేకపోయినా, రోజూ మాత్ర పడాలి. మీరు మానేసింది సరిగ్గా ఈ దశలోనే.

కళ్లె నెగటివ్ వచ్చిందన్న ధీమా మీకు ఉన్నట్టుంది. మైక్రోస్కోపు కింద క్రిమి కంటపడాలంటే ఒక మిల్లీలీటరు కళ్లెలో కనీసం ఐదు నుంచి పది వేల క్రిములు ఉండాలి. అంతకన్నా తక్కువ ఉంటే రిపోర్టులో నెగటివ్ అనే వస్తుంది. రెండో నెల చివర నెగటివ్ వస్తే మందు పనిచేస్తోందని, తర్వాతి దశకు వెళ్లవచ్చని అర్థం. చికిత్స ముగిసిందని కాదు. ఏడు కిలోలు పెరగడం కూడా మంచి గుర్తే, కానీ అదీ ముగింపు గుర్తు కాదు.

మాత్రలు రెండు పూటలకు పంచుకోవడాన్ని చాలామంది చిన్న సర్దుబాటు అనుకుంటారు. రిఫాంపిసిన్ క్రిమిని చంపే శక్తి, ఆ రోజు రక్తంలో మందు ఎంత ఎత్తుకు చేరిందన్న దాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది. మూడు మాత్రలూ ఒకేసారి పడితే ఆ ఎత్తు వస్తుంది. రెండు, ఒకటిగా విడగొడితే రెండు పూటలా తక్కువే వస్తుంది. లెక్కకు మూడూ వేసుకున్నట్టే ఉంటుంది, మందు మాత్రం పూర్తిగా పనిచేయదు. ఖాళీ కడుపున వేసుకుంటే మందు బాగా ఒంటపడుతుంది. వికారం తట్టుకోలేకపోతే రెండు ఇడ్లీలో, కొద్దిగా అన్నమో తిన్నాక మూడూ కలిపి వేసుకోవచ్చు, లేదా రాత్రి పడుకునే ముందుకు మార్చుకోవచ్చు. అంతేగాని విడగొట్టవద్దు. గ్యాస్ మందు వాడుతుంటే దానికీ వీటికీ రెండు గంటలైనా ఎడం ఉంచండి, కొన్ని రకాల గ్యాస్ మందులు ఐసోనియాజిడ్‌ను ఒంటబట్టనివ్వవు.

మీ లెక్క ఒకసారి చూద్దాం. మొత్తం చికిత్స 168 రోజుల మోతాదులు, మొదటి దశ 56, రెండో దశ 112. నాలుగు నెలలంటే సుమారు 120 రోజులు, అందులో మానేసిన 21 తీసేస్తే 99. మొదటి దశవి 56 పూర్తయితే రెండో దశవి 43 పడ్డాయి, ఇంకా 69 మిగిలి ఉన్నాయి. క్యాలెండరు చూసి ఇంకో రెండు నెలలతో అయిపోయిందనుకోవద్దు. మానేసిన రోజులు చివర కలుస్తాయి, గడువు జరుగుతుంది. ఎడం నెల దాటలేదు కాబట్టి సాధారణంగా ఉన్న చికిత్సనే కొనసాగిస్తారు. నెల దాటితే మధ్యలో చికిత్స వదిలేసినవారి కింద లెక్కించి, మళ్లీ మొదటి నుంచి చూస్తారు. అంటే మీకు ఉన్న వెసులుబాటు సుమారు వారం మాత్రమే. అయినా ఇంట్లో మిగిలిన స్ట్రిప్పులతో మీరే మొదలుపెట్టమని నేను చెప్పడం లేదు. రిఫాంపిసిన్‌ను కొన్నాళ్లు ఆపి తిరిగి వేసుకున్నప్పుడు అరుదుగా చలిజ్వరం, రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోవడం లాంటివి రావచ్చు. అది డాక్టర్ కళ్లెదుట జరగాలి.

ఇప్పుడు ఆ యాంటీబయాటిక్ గురించి. ఈ అలవాటు మీద నాకు చాలా కోపం ఉంది, మీరు మరోలా అనుకోవద్దు. స్ట్రిప్పు మీద పేరు చదవండి. లెవోఫ్లాక్సాసిన్, మాక్సీఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్ లాంటి పేరు ఉంటే వెంటనే ఆపి, ఆ స్ట్రిప్పు ఆసుపత్రికి పట్టుకెళ్లండి. ఈ కోవ మందులు టీబీ క్రిమి మీద కూడా పనిచేస్తాయి. నాలుగైదు రోజులు వేసుకుంటే దగ్గు కాస్త తగ్గుతుంది, కళ్లె పరీక్షలో క్రిమి దొరక్కుండా పోవచ్చు, రోగి బాగైందనుకుని ఇంట్లో కూర్చుంటాడు. అసలు సంగతి ఏమంటే, రిఫాంపిసిన్‌కు లొంగని టీబీ వస్తే మాకు చేతిలో మిగిలే ముఖ్యమైన ఆయుధాలలో ఇవి ఒకటి. దాన్ని మామూలు దగ్గుకని దుకాణంలో ఖర్చుపెట్టేస్తే రేపు అవసరానికి పనికిరాకపోవచ్చు. టీబీ మందుల మీద ఉన్న మనిషికి దగ్గు తిరగబెట్టిందంటే ముందు చేయాల్సింది కళ్లె పరీక్ష, మందుల షాపుకు వెళ్లడం కాదు.

మోతాదు గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. పెద్దవాళ్లకు మాత్రల సంఖ్య బరువును బట్టి ఉంటుంది: 35 నుంచి 49 కిలోల వాళ్లకు మూడు, 50 నుంచి 64 కిలోల వాళ్లకు నాలుగు. 46 దగ్గర మూడు సరిపోయాయి. ఏడు కిలోలు పెరిగి 53కు వచ్చారు కనుక మీకు ఇప్పుడు నాలుగు పడాలేమో మీ డాక్టర్ చూడాలి. ఆసుపత్రిలో బరువు మళ్లీ తూయించుకోండి, సంఖ్య మీరే మార్చుకోవద్దు.

వేడి, పథ్యం విషయంలో ఒక్క మాట. 1956లో మద్రాసులో మొదలైన ఒక ప్రసిద్ధ పరిశోధనలో, శానిటోరియంలో మంచి తిండి, విశ్రాంతి దొరికిన రోగులనూ, పేద ఇళ్లలో ఉండి మందులు వేసుకున్న రోగులనూ పోల్చి చూశారు. జబ్బు నయం కావడంలో రెండు వర్గాలూ దాదాపు సమానంగానే తేలాయి. దాన్నిబట్టి తిండి అక్కర్లేదని కాదు. గుడ్డు, పప్పు, పాలు, వేరుశనగ మీ శక్తి కొద్దీ తినండి, ప్రభుత్వం పోషణకు నెలకు ఇచ్చే వెయ్యి రూపాయలు మీ ఖాతాలో పడుతున్నాయో లేదో కూడా కనుక్కోండి. అయితే మజ్జిగ, సబ్జా గింజలు తాగి ఊరుకుంటే వికారానికి అసలు కారణం తెలియదు, ఆగిన మాత్రలకు బదులూ కాదు.

రేపు ఉదయం ఏమీ తినకముందే నోరు నీళ్లతో పుక్కిలించి, లోతుగా దగ్గి వచ్చిన కళ్లెను డబ్బాలో పట్టుకుని మీకు మందులిచ్చిన ఆసుపత్రికే వెళ్లండి. రిఫాంపిసిన్ పనిచేస్తోందో లేదో ఒకటి రెండు గంటల్లో చెప్పే సీబీనాట్ పరీక్ష అవసరమేమో అడగండి, దాంతోపాటు కాలేయ పరీక్ష కూడా. అయితే చచ్చిన క్రిముల అవశేషాలకు కూడా సీబీనాట్ పాజిటివ్ రావచ్చు కనుక ఆ ఒక్క కాగితం చూసి మీరే బెంబేలెత్తవద్దు, క్రిమిని పెంచి చూసే కల్చర్ కూడా చేయించవచ్చు. మానేసిన రోజులు ఎన్నో కచ్చితంగా చెప్పండి, మందలిస్తారని తగ్గించి చెబితే మోతాదుల లెక్క మొత్తం తప్పుతుంది. అక్షరాలు మసకబారినా, ఎరుపు ఆకుపచ్చ రంగుల తేడా తెలియకపోయినా అదీ చెప్పండి, అది ఇథాంబుటాల్ వల్ల కావచ్చు. మిమ్మల్ని స్వయంగా చూడకుండా రాసిన జవాబు ఇది, పరీక్షలు చూసిన డాక్టర్ చెప్పిందే మీకు ప్రమాణం.