కుష్ఠు వల్ల పాదం వేలాడితే టెండన్ మార్పిడి ఆపరేషన్ పనిచేస్తుందా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. నాన్నకు కుష్ఠు మందుల కోర్సు నిరుడే అయిపోయింది. ఎడమ పాదం మాత్రం వేలాడుతోంది, పైకి లేవదు. నరం మార్చే ఆపరేషన్ చేస్తామంటున్నారు. మా బాబాయికి పోలియో కాలికి చిన్నప్పుడు ఇదే చేస్తే ఏం ఫలితం లేదు. అందుకని మేం వద్దనుకుంటున్నాం. ఎవరికైనా అనుభవం ఉందా?

జవాబు: తమ్ముడూ, నేను నెల్లూరులో ఫిజియోథెరపిస్టుని. ఇలాంటి కాళ్లకు ఆపరేషన్‌కు ముందూ తర్వాతా కసరత్తు చేయించడం నా పని. బాబాయి కాలిని చూసి నాన్న ఆపరేషన్ మానుకోవద్దు. ఇద్దరి జబ్బూ వేరు.

ముందు ఒక మాట. ఇందులో మార్చేది నరం కాదు, టెండన్. అంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు. పనిచేస్తున్న ఒక కండరం తాడును దాని చోటు నుంచి విడదీసి, చచ్చుబడిన కండరం చేయాల్సిన పనికి కడతారు. అలా మార్చిన కండరం కొంత బలం కోల్పోతుంది. కాబట్టి అది మొదట్లోనే గట్టిదై ఉండాలి.

పోలియో వైరస్ వెన్నుపాములో కండరాలను నడిపే కణాలను చంపుతుంది. ఏ కండరం పోతుందో, ఏది సగం మిగులుతుందో ఒక లెక్క ఉండదు. బాగున్నట్టు కనిపించే కండరం కూడా సగం బలంతోనే ఉండొచ్చు, మారిస్తే అదీ చాలదు. మీ బాబాయికి అదే జరిగిందని చూడకుండా చెప్పలేను గానీ, పోలియో కాళ్లలో నేను తరచూ చూసిన కారణం అదే.

కుష్ఠు క్రిమికి చల్లగా ఉండే చోటు కావాలి. అందుకే చర్మానికి దగ్గరగా నరం పోయే చోటే దెబ్బ తీస్తుంది. మోకాలికి వెలుపల, కాస్త కింద ఎముక బుడిపె తగులుతుంది కదా, దాన్ని చుట్టి పోయే నరం దెబ్బతింటే పాదం పైకి లేవదు. పాదాన్ని లోపలికి తిప్పే టిబియాలిస్ పోస్టీరియర్ కండరానికి వచ్చేది మరో నరం. కుష్ఠు దాన్నీ పట్టుకుంటుంది, కానీ చీలమండ దగ్గర. ఈ కండరానికి పోయే కొమ్మ అంతకు చాలా పైనే విడిపోతుంది. అందుకే కుష్ఠులో ఈ కండరం దాదాపు ఎప్పుడూ నిలిచే ఉంటుంది. దాని తాడును కాలి ముందువైపుకు తెచ్చి, రెండు పాయలుగా చీల్చి, వేళ్లను పైకెత్తే టెండన్లకు కుడతారు.

మీ నాన్నలాగే కుష్ఠుతో పాదం వేలాడుతున్న కౌలు రైతు ఒకాయన అల్లూరు వైపు నుంచి వచ్చాడు. "గట్టు మీద నడస్తా ఉంటే చెప్పు ఎప్పుడు జారిపోయిందో కూడా తెలీలా సార్" అన్నాడు. మోకాలు చాచి పాదాన్ని నా చేత్తో పైకి నెట్టి చూస్తే లంబకోణం దాకా కూడా రాలేదు. ఏళ్ల తరబడి వేలాడి మడమ వెనక టెండన్ కుదించుకుపోయింది. అలాగే ఆపరేషన్ చేస్తే కొత్త తాడు ఎంత లాగినా పాదం లేవదు. సర్జన్ ఆ ఆపరేషన్‌లోనే మడమ టెండన్ కూడా పొడవు చేశారు.

ఆపరేషన్‌కు ముందే పాదాన్ని లోపలికి తిప్పే కసరత్తు రోజూ చేయించాను. ఆరు వారాల కట్టు విప్పిన రోజు బల్ల అంచున కూర్చోబెట్టి, "పైకెత్తు" అనకుండా "అరికాలు అవతలి కాలి వైపు చూసేట్టు తిప్పు" అన్నాను. చీలమండ ముందు చర్మం కింద తాడు బిగుసుకుని లేచింది, వెంటనే పాదమూ లేచింది. ఆయన రెండు చేతులతో దాన్ని పట్టుకుని చూసుకున్నాడు. ఆ కదలిక నడకలో కలవడానికి ఇంకా వారాలు పట్టింది.

చెడిపోయిన కాళ్లూ చూశాను. ఒకరు మూడో వారంలో కట్టు తడిసి మెత్తబడితే ఎవరికీ చెప్పకుండా దాని మీదే నడిచారు. కుట్టు వదులైంది, పాదం సగమే లేస్తుంది.

మీ నాన్న విషయంలో మూడు చూడండి. పాదం పడిపోయి ఆరు నెలలు దాటిందా? దాటకపోతే స్టెరాయిడ్ మందులతో నరం తిరిగి పనిచేసే అవకాశం ఉంది, డాక్టర్‌ను వెంటనే అడగండి. రియాక్షన్, అంటే కుష్ఠు క్రిమి మీద ఒళ్లు తిరగబడడం, వచ్చి నరం నొప్పి, వాపు ఏమైనా ఉన్నాయా? పాదం మీద పుండు ఉందా? ఉంటే అది మానేదాకా ఆగాలి.

కుష్ఠు వల్ల పాదంలో పోయిన స్పర్శ ఆపరేషన్‌తో తిరిగి రాదు. ఆ రైతు నడక బాగైందని, స్పర్శ లేని పాదాలకు ఇచ్చే మెత్తటి రబ్బరు ఎమ్‌సీఆర్ చెప్పులు మానేశాడు. రెండో ఏడు మేకు గుచ్చుకున్నా తెలియలేదు, అరికాలు పుండుపడ్డాకే మళ్లీ నా దగ్గరికొచ్చాడు. మీ నాన్నకు మెత్తటి ఎమ్‌సీఆర్ చెప్పులు, వెనక పట్టీ ఉన్నవి, ఆపరేషన్ తర్వాత కూడా వేయించండి. రోజూ రాత్రి అరికాలు మీరే దీపం వెలుతురులో చూడండి.