లిఫ్టు మార్పిడికి ఫ్లాటుకు ఎంతో చెప్పే మెసేజ్

"20 ఫ్లాట్లు, అన్నీ ఒకే సైజు. కొత్త లిఫ్టు కొటేషన్ 11 లక్షలు, జీఎస్టీ అదనం. కార్పస్‌లో మూడున్నర లక్షలు వాడొచ్చు. ఫస్ట్ ఫ్లోర్ వాళ్లు మేం కట్టం అంటున్నారు. మెసేజ్ ఎలా రాయాలి?"

ముందు కొటేషన్‌లో ఏం లేదో చూడండి అండీ. గోడ పగలగొట్టి డోర్ ఫ్రేములు బిగించడం, పిట్ మరమ్మతు, త్రీఫేజ్ కేబుల్ చాలాసార్లు మన నెత్తినే పడతాయి. అవి వదిలేస్తే రెండోసారి వసూలుకు వెళ్లాలి, గొడవంతా అక్కడే. కింద సివిల్, కరెంటు, పాత లిఫ్టు అంకెలు నా అంచనా, మీవి వేసుకోండి.

"ఫ్లాట్ ఓనర్లందరికీ నమస్కారం. లిఫ్టు ధర రూ.11,00,000, 18% జీఎస్టీ రూ.1,98,000, సివిల్ పని రూ.62,000, కేబుల్, స్విచ్‌బోర్డు రూ.40,000. మొత్తం రూ.14,00,000. పాత లిఫ్టు అమ్మితే వచ్చే రూ.50,000, కార్పస్ రూ.3,50,000 తీసేస్తే మిగిలేది రూ.10,00,000. ఫ్లాటుకు రూ.50,000. ఆర్డరుకు ముందు రూ.30,000, సామాను దిగే ముందు రూ.20,000 అసోసియేషన్ ఖాతాలో వేయండి. ఇది నెలవారీ మెయింటెనెన్స్‌లో కలవదు. మిగిలితే కార్పస్‌కే."

ఫస్ట్ ఫ్లోర్ విషయం మెసేజ్‌లో వాదించకండి. లిఫ్టు ఉమ్మడి ఆస్తి. వాడకాన్ని బట్టి కాదు, వాటాను బట్టి ఖర్చు. మీ బైలాస్‌లో ఆ నిబంధన చూసి, జనరల్ బాడీ తీర్మానం తేదీతో పాటు ఒక్క వాక్యంలో రాయండి. తీర్మానం లేకుండా మాత్రం పంపొద్దు.

కంపెనీకి చివరి 10% లిఫ్టు పరీక్ష అయ్యాకే ఇస్తామని ఒప్పందంలో రాయించండి.